పిల్లి గడ్డానికి అంటిన పసుపు

ఆ ఫొటో తీసింది జనవరిలో ఒక ఆదివారం, సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు. టైమ్ ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం నా జ్ఞాపకశక్తి కాదు, ఫోన్. వారం రోజులు కమ్మేసిన పొగమంచు ఆ రోజే విడిచింది. గాజియాబాద్ వసుంధరలో మా రెండో అంతస్తు బాల్కనీలోకి కాస్త ఎండ వచ్చింది. ఆ ఎండలో పూలకుండీల మధ్య మా పిల్లి చిట్టి కళ్లు సగం మూసుకుని కూర్చుంది. చలికాలం గడపడానికి తెనాలి నుంచి వచ్చిన అమ్మ అది చూసి ముచ్చటపడి, "ఒక ఫొటో తియ్యి, అక్కకి పంపిద్దాం" అంది.

హైదరాబాద్‌లో ఉండే అక్క నుంచి ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. "పండక్కి పిల్లికి కూడా పసుపు రాశారా?"

అప్పుడు చూశాం. చిట్టి తెల్ల పిల్లి. దాని గడ్డం కింద, మూతికి ఒక పక్కన ఇటుక రంగు కలిసిన పసుపు మరక ఉంది. అమ్మ వంటింట్లోకి తొంగిచూసి, "పోపుల డబ్బాలో మూతి పెట్టిందేమో" అంది. నవ్వుకున్నాం. అంతటితో ఆ సంగతి మర్చిపోయాం.

ఏడు గంటలకు చిట్టి వాంతి చేసుకుంది. అరగంటకు మళ్లీ. పిల్లి ఒళ్లు నాక్కుంటుంది, వెంట్రుకలు ఉండకట్టి అప్పుడప్పుడు వాంతి రూపంలో బయటికొస్తాయి, ఇదీ అదేననుకున్నాం. ఎనిమిదిన్నరకు అది సోఫా కింద ముడుచుకుని పడుకుంది. తగ్గిపోయిందని అమ్మ తేల్చేసింది. నేనూ ఒప్పుకునేదాన్నే. కాకపోతే మర్నాడు దానికి టీకా వేయించాల్సి ఉంది. వాంతులైన పిల్లికి టీకా వేస్తారో వెయ్యరో కనుక్కుందామని డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, ఏం తిన్నదని. రెండోది, ఇంట్లో మొక్కలున్నాయా అని. ఉన్నాయన్నాను. "ఫొటో ఉంటే పంపండి" అన్నారు. సాయంత్రం తీసిందే పంపాను.

రెండు నిమిషాల్లో ఆమె నుంచే ఫోన్. "బాల్కనీ మొక్కల సంగతి తర్వాత. తలుపులోంచి లోపల టేబుల్ మీద కనిపిస్తున్న పూలేమిటి?"

అది ముందురోజు రాత్రి ఒక సభలో నా చేతిలో పెట్టిన పూలగుత్తి. ఢిల్లీలో సభలకు, సన్మానాలకు ఇచ్చే రకమే. నాలుగు గులాబీలు, కొంత పచ్చటి ఆకు, మధ్యలో మూడు పెద్ద గులాబీరంగు లిల్లీలు. ఇంటికి తెచ్చాక నీళ్లున్న గాజు జాడీలో పెట్టాను. పొద్దుటికి రెండు మొగ్గలు విచ్చుకున్నాయి. వాటి కేసరాల చివర ఇటుక రంగు పొడి వేలాడుతోంది. ముట్టుకుంటే చేతికి అంటుకుని ఓ పట్టాన వదలదు.

"పిల్లి గడ్డానికి అంటింది అదే. పూలు, పిల్లి రెంటినీ తీసుకుని వెంటనే బయల్దేరండి. దాన్ని మూతి నాక్కోనివ్వకండి" అన్నారు డాక్టర్. తొమ్మిదిన్నరకు క్లినిక్‌లో ఉన్నాం.

ఆ రాత్రి చిట్టికి సెలైన్ ఎక్కుతుండగా, ఆ ఫొటోను ఫోన్‌లో పెద్దది చేసి, ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క మొక్కనూ ఆమె నాకు పరిచయం చేశారు. మూడేళ్లుగా నేను నీళ్లు పోస్తున్న మొక్కలే. వాటి గురించి నాకు తెలిసింది ఎంత తక్కువో అప్పుడు అర్థమైంది.

ఎడమ చివర ఎరికా పామ్, దాని పక్కన వేలాడే కుండీలో స్పైడర్ ప్లాంట్, రెయిలింగ్ మీద పెటూనియాలు, ఒక గులాబీ. వీటితో పిల్లికి గానీ కుక్కకు గానీ విషభయం లేదు. ఆకులు ఎక్కువగా నమిలితే ఏ గడ్డి తిన్నా అయినట్టే ఒక వాంతి కావచ్చు, అంతే.

తర్వాత సీసాలో మనీ ప్లాంట్, కింద నీడలో పీస్ లిల్లీ. ఈ రెండూ ఒకే కుటుంబం మొక్కలు. చాలా ఇళ్ల హాళ్లలో కనిపించే, వెడల్పాటి ఆకుల మీద తెల్లటి మచ్చలుండే డిఫెన్‌బేకియా కూడా వీటి బంధువే. వీటి ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. జంతువు ఆకును కొరకగానే అవి నాలుకలో, చిగుళ్లలో గుచ్చుకుంటాయి. పచ్చి కంద కోసినప్పుడు చేతులు దురద పెట్టడం మనకు తెలుసు కదా, ఆ బాధే నోట్లో మొదలవుతుంది. వెంటనే చొంగ కారుతుంది, పంజాతో మూతి రుద్దుకుంటుంది, తిండి ముట్టదు. చూడ్డానికి భయం వేస్తుంది గానీ, నొప్పి పుట్టగానే జంతువు తినడం ఆపేస్తుంది కాబట్టి ప్రాణం మీదికి రావడం అరుదు. నోరు నీళ్లతో కడిగి, గొంతు వాచి ఊపిరి కష్టం కావడం లేదు కదా అని గమనించుకోవాలి.

ఆ పక్కన నిలువుగా కత్తుల్లా నిలబడిన స్నేక్ ప్లాంట్, దాని ముందు కలబంద, చలికాలం కోసం కొన్న చామంతి. ఇవి కడుపును కలచివేసే రకం. వాంతులు, విరేచనాలు పెడతాయి, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి. మూలన ఎర్రటి పూల గుత్తులతో ఉన్న చిన్న కుండీ దగ్గర మాత్రం డాక్టర్ ఆగారు. అది కలాంకో. డిసెంబర్, జనవరి నెలల్లో ఢిల్లీ నర్సరీల ముందు వరసలు వరసలుగా పెట్టి అమ్ముతారు. దానిలో గుండె మీద పనిచేసే పదార్థాలున్నాయి. కొద్దిగా కొరికితే సాధారణంగా వాంతులతో పోతుంది, ఎక్కువ తింటే గుండె లయ తప్పుతుంది. "దీన్ని ఇంట్లోంచి తీసెయ్యండి" అన్నారు.

అంటే బాల్కనీలో ఉన్న తొమ్మిది రకాల్లో నాలుగు నిరపాయం, రెండు నోటిని బాధిస్తాయి, మూడిటిది కడుపు బాధ... అని లెక్కపెడుతుంటే కలాంకోతో కలిపి పది అయ్యాయి. వీటిలో ఏదీ ఆ రాత్రి మేము క్లినిక్‌లో ఉండటానికి కారణం కాదు. అసలు కారణం మొక్కే కాదు, నేను అతిథిగా తెచ్చుకున్న పూలు.

అసలైన లిల్లీ పిల్లిని ఏం చేస్తుందో 1990ల నుంచి పశువైద్యులకు తెలుసు. అమెరికాలో ఈస్టర్ పండక్కి ఇళ్లలో పెట్టుకునే తెల్ల లిల్లీలను కొరికిన పిల్లులు కిడ్నీలు పాడై చనిపోతుండటంతో ఈ సంగతి బయటపడింది. ఈస్టర్ లిల్లీ ఒక్కటే కాదు, పూలగుత్తుల్లో వచ్చే ఏషియాటిక్, ఓరియంటల్ రకాలు, టైగర్ లిల్లీ, వీటికి దూరపు చుట్టమైన డే లిల్లీ అన్నీ అంతే. ఆకు, రేక, కాడ, పుప్పొడి, చివరికి ఆ పూలు పెట్టిన జాడీలో నీళ్లు కూడా ప్రమాదమే. పిల్లి పువ్వును తినక్కర్లేదు. దాన్ని రాసుకుంటూ వెళ్లి, తర్వాత ఒళ్లు నాక్కుంటే చాలు. ఇందులో ఏ రసాయనం ఈ పని చేస్తోందో ఇప్పటికీ తేలలేదు. అందుకే దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. విచిత్రం ఏమిటంటే, ఇదే పువ్వును కుక్క తింటే కడుపునొప్పితో సరిపోతుంది. కిడ్నీలు పాడయ్యేది పిల్లికే.

అంతకంటే మోసకారి సంగతి, మేము "తగ్గిపోయింది" అనుకున్న ఆ ఎనిమిదిన్నర గంట. లిల్లీ విషంలో మొదటి కొన్ని గంటల్లో వాంతులు, నీరసం కనిపిస్తాయి. తర్వాత వాంతులు సద్దుమణుగుతాయి. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ సమయంలోనే కిడ్నీల్లోని సన్నని గొట్టాల లోపలి పొర దెబ్బతింటూ ఉంటుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రం మొదట ఎక్కువై, తర్వాత తగ్గి, ఆగిపోతుంది. మూత్రం ఆగాక తీసుకొచ్చిన పిల్లిని బతికించడం చాలా కష్టం. సుమారు 18 గంటల లోపు చికిత్స మొదలైతే ఎక్కువ పిల్లులు బతుకుతాయి. అందుకే డాక్టర్ ఫొటో తీసిన సమయం అడిగి కేసు కాగితం మీద అన్నిటికంటే పైన రాశారు. 4:10కే గడ్డం మీద పుప్పొడి ఉంది. మధ్యాహ్నం రెండింటికి నేను అన్నం పెట్టినప్పుడు లేదు. అంటే చిట్టి పువ్వును ముట్టుకుని ఏడున్నర గంటలకు మించలేదు.

చేసిన వైద్యం పైకి చాలా మామూలుగా కనిపించింది. ముందు మూతి, ముందుకాళ్లు తడిగుడ్డతో శుభ్రంగా తుడిచారు. కడుపులో మిగిలినదాన్ని పీల్చుకునేందుకు బొగ్గుపొడి మందు పట్టారు. తర్వాత ముంజేతి నరంలోకి సెలైన్. చిట్టి బరువు 3.4 కిలోలు. మామూలుగా దాని ఒంటికి కావాల్సిన నీటికి దాదాపు రెట్టింపు, గంటకు 17 మిల్లీలీటర్ల చొప్పున మూడు రోజులు ఎక్కించారు. కిడ్నీల్లో నీటి ప్రవాహం ఆగకుండా చూడటమే దీని ఉద్దేశం. పక్కన చిన్న ట్రేలో మూత్రం ఎంత వస్తోందో కొలిచేవారు. రక్తంలో క్రియాటినిన్ వచ్చిన రాత్రి 1.3 ఉంది. ఆ ల్యాబ్ లెక్కలో 2 దాటితే ఎక్కువ. మర్నాటికి 1.8కి పెరిగింది. ఆ రోజు నేను ఆఫీసులో ఏం రాశానో నాకు గుర్తు లేదు. మూడో రోజు 1.6, నాలుగో రోజు 1.4. "ఇంటికి తీసుకెళ్లండి, వారం తర్వాత మళ్లీ రక్తం చూద్దాం" అన్నారు.

ఈ మూడు రోజులూ అమ్మ ఒకటే మాట అంటూ వచ్చింది. "లిల్లీ పూలు విషం ఏమిటే? మన ఊళ్లో మూరలు మూరలు కట్టుకుంటాం. మార్కెట్లో లిల్లీ బుట్టల మధ్యే పిల్లులు పడుకుంటాయి."

అమ్మ అన్నది అబద్ధం కాదు. మన పూలకొట్లలో లిల్లీ అని అమ్మేది ఈ లిల్లీ కాదు. తెల్లగా, సన్నగా, మైనంలా మెరుస్తూ కాడ పొడవునా పూసే, దండల్లోనూ పెళ్లి మండపాల్లోనూ వాడే ఆ పువ్వును ఇక్కడ ఢిల్లీలో రజనీగంధ అంటారు. పేరులో తప్ప దానికీ, గాజీపూర్ పూలమండీ నుంచి పూలగుత్తుల్లోకి చేరే అసలు లిల్లీకీ చుట్టరికం లేదు. కిడ్నీల జబ్బుతో దానికి సంబంధమూ లేదు. మా బాల్కనీలోని పీస్ లిల్లీ కూడా లిల్లీ కాదని చెప్పుకున్నాం. పార్కుల్లో ఎర్రగా, పసుపుగా పూసే కానా లిల్లీ కూడా లిల్లీ కాదు, అది నిరపాయం. ఇలా ఒక్క పేరు కింద ఒకటి ప్రాణం తీసేది, ఒకటి నోరు మండించేది, ఒకటి ఏమీ చెయ్యనిది ఉన్నాయి. ఊళ్లో పిల్లులకు ఏమీ కాలేదు కాబట్టి ఇక్కడా కాదని అమ్మ అనుకోవడంలో తర్కం సరిగానే ఉంది, పువ్వే మారింది.

గన్నేరు విషయంలో మాత్రం అమ్మకు ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు. ఢిల్లీ రోడ్ల మధ్య డివైడర్ల మీద పూసిన గన్నేరును చూసినప్పుడల్లా, గొడ్ల చావడి దరిదాపుల్లో ఆ చెట్టును వాళ్ల నాన్న ఉంచనిచ్చేవాడు కాదని చెబుతుంది. గన్నేరు, పచ్చగన్నేరు రెండూ గుండెను ఆపే విషాలే. పిల్లికైనా, కుక్కకైనా, మనిషికైనా. పేరు తెలిసిన విషం దగ్గర తరతరాలుగా జాగ్రత్త పడుతూ వచ్చాం. పేరు మార్చుకుని, రంగు కాగితం చుట్టుకుని వచ్చినదాన్ని మాత్రం చేతులు చాచి తీసుకున్నాం.

చూసి గుర్తుపట్టడం ఎలా అని డాక్టర్‌ను అడిగాను. అసలు లిల్లీ పెద్ద పువ్వు, చూడ్డానికి ఆరు రేకులు. మధ్యలోంచి ఆరు పొడవాటి కేసరాలు బయటికి వస్తాయి. ఒక్కొక్క దాని చివర అడ్డంగా ఊగే పుప్పొడి సంచి ఉంటుంది. ఆకులు సన్నగా, నిలువు గీతలతో కాడ చుట్టూ ఉంటాయి. పీస్ లిల్లీకి ఉన్నది ఒకే ఒక్క తెల్లటి దొప్పలాంటి ఆకు, దాని ముందు మొక్కజొన్న పొత్తులాంటి చిన్న కాడ. రజనీగంధలో కేసరాలు బయటికి కనిపించవు. పూలకొట్టు వాళ్లు కొందరు మరకలు పడతాయని లిల్లీ పుప్పొడి సంచులు ముందే తుంచేస్తారు. అలా తుంచినంత మాత్రాన పువ్వు నిరపాయం కాదు, రేకులు, ఆకులు, నీళ్లు అలాగే ఉంటాయి.

రెండో రోజు సాయంత్రం ఆమె మళ్లీ ఆ ఫొటో అడిగారు. ఈసారి చూసింది చిట్టిని కాదు. రెయిలింగ్ సందులోంచి కింద మా సొసైటీ గేటుకు రెండు వైపులా పెట్టిన పెద్ద సిమెంటు కుండీలు కనిపిస్తున్నాయి. "అవి సాగో పామ్‌లలా ఉన్నాయి. మీ దగ్గర ఎవరికైనా కుక్కలున్నాయా?"

పై అంతస్తు పంజాబీ ఆంటీకి ఏడు నెలల లాబ్రడార్ ఉంది. కనబడిన ప్రతి వస్తువునూ కొరికి చూసే వయసు.

సాగో పామ్ పేరుకే పామ్. నిజానికి అది సైకస్, తాటి, కొబ్బరి జాతితో సంబంధం లేని చాలా పాత వంశం. మన శేషాచలం కొండల్లో మాత్రమే పెరిగే సైకస్ బెడ్డోమీ దీనికి దగ్గరి బంధువు. పొట్టి మొద్దు చుట్టూ కిరీటంలా గట్టి ఆకులు, ప్రతి ఆకు కొసా వేలికి గుచ్చుకునేంత వాడిగా ఉంటుంది. నిరపాయమైన ఎరికా పామ్ ఆకు మెత్తగా వంగుతుంది, వెదురులా చాలా కాడలు కలిసి వస్తాయి. ఈ తేడా ఫొటోలో కూడా తెలుస్తుంది. సాగోలో ఆడ మొక్క నడినెత్తిన గోధుమరంగు నూగు మధ్య నారింజ ఎరుపు గింజలు కాస్తాయి. మొక్క మొత్తం విషమే అయినా గింజల్లో ఎక్కువ. ఒకటి రెండు గింజలు కుక్క ప్రాణానికి ముప్పు తేగలవు. కొన్ని గంటల్లో వాంతులు, రెండు మూడు రోజుల్లో కాలేయం దెబ్బతిని కళ్లు, చిగుళ్లు పచ్చబడటం, రక్తస్రావం, ఫిట్స్. ఇక్కడా మధ్యలో కాస్త కోలుకున్నట్టు కనిపించే విరామం ఉండొచ్చు.

ఆ రాత్రే ఆంటీకి చెప్పాను. ఆమె టార్చిలైటు తీసుకుని కిందికి దిగింది. కుడివైపు కుండీలో మొక్క ఆడది. గింజలు కొన్ని కుండీ అంచు మీద, కొన్ని నేల మీద పడి ఉన్నాయి. వాచ్‌మన్ పిల్లలు వాటితో గోలీలాడుతున్నారని అప్పుడే తెలిసింది. సొసైటీ మీటింగ్‌లో రెండు వారాలు చర్చ జరిగింది. మొక్క ఒక్కోటి ఎంత ఖరీదో ఒకరు గుర్తు చేశారు. చివరికి గింజలు కాసే మొక్కను తీసేసి, రెండో దాన్ని కుక్కలకు అందని చోట గోడ మీద పెట్టారు. గెలుపు అనలేను, రాజీ.

ఫొటో మీద అంత నమ్మకం పెట్టుకోవచ్చా అని డాక్టర్‌ను అడిగితే ఆమె తల అడ్డంగా ఊపారు. పువ్వు విచ్చుకుని ఉంటే పేరు చెప్పడం తేలిక. ఒట్టి ఆకు చూసి చెబితే పొరపాటు పడే వీలుంది. లేత లిల్లీ మొక్కా, ఇంకో మొక్కా ఆకుల్లో ఒకేలా ఉండొచ్చు. అందుకే పువ్వు దగ్గరగా ఒకటి, కాడకు ఆకు అతుక్కునే చోటు ఒకటి, మొక్క మొత్తం ఒకటి ఫొటోలు తీసి, కొరికిన ముక్కను కవర్లో వేసుకుని వెళ్లాలి. వాంతిలో ఆకు ముక్కలుంటే అవీ. నర్సరీలో చెప్పిన పేరు కాకుండా శాస్త్రీయ నామం తెలుసుకుంటే, అమెరికాలోని ఏఎస్‌పీసీఏ అనే జంతు సంక్షేమ సంస్థ జాబితాలో అది పిల్లికి విషమా, కుక్కకు విషమా అని వేర్వేరుగా చూసుకోవచ్చు. ఇంట్లో చెయ్యకూడనివి రెండు చెప్పారు. పాలు పడితే విషం విరుగుతుందనుకోవడం, ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించడం. పాలు ఈ విషాలకు విరుగుడు కాదు, ఉప్పు తానే ఇంకో విషం అవుతుంది.

వారం తర్వాత చిట్టి క్రియాటినిన్ 1.3. అక్క ఫోన్ చేసి తాను వేసిన జోకుకు మూడుసార్లు క్షమాపణ చెప్పింది. నిజానికి ఆ మరకను మొదట చూసింది తనే. మా ఇంట్లో మేమిద్దరం చూడలేదు.

కలాంకో ఇప్పుడు మా ఆఫీసు కిటికీలో ఉంది. మనీ ప్లాంట్ సీసా అలమారా పైకెక్కింది. అమ్మ మార్చిలో తెనాలి వెళ్లిపోయింది. వెళ్లేముందు ఓ సాయంత్రం నా స్నేహితురాలు పెళ్లి శుభలేఖతో పాటు పూలగుత్తి పట్టుకుని తలుపు తట్టింది. అమ్మ తలుపు సగమే తెరిచి, లోపలికి రమ్మనకముందే అడిగింది. "పూలలో లిల్లీలున్నాయా అమ్మా? మా వైపు లిల్లీలు కాదు, మీ వైపు లిల్లీలు."